హిందీ ఉందంటే సరిపోదు, ఏ కాలమ్‌లో ఉందో చూడాలి

మా చిన్నాయన 22 ఏళ్లు ముంబైలో మట్టిపని, ఆ తర్వాత సెంట్రింగ్ పని చేసి ఊరికి తిరిగొచ్చాడు. ఊరు కోస్గి దగ్గర. పాలమూరు వలస సంగతి తెలిసినవాళ్లకు ఇలాంటి మనుషులు కొత్త కాదు. ముంబైలోనో పుణేలోనో సగం జీవితం గడిపి వచ్చినవాళ్లు మా వైపు చాలా ఇళ్లలో ఉన్నారు. చిన్నాయనకు హిందీ మాట్లాడడం తెలుగు మాట్లాడినంత సులువు. పోయినేడు మోకాలి ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలు ఇంటిపట్టునే ఉండాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మనవడు లాప్‌టాప్‌లో గేమ్ ఆడుతుంటే పక్కన మంచం మీద కూర్చుని చూడడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు తనే ఫోన్ చేసి, "కత ఉన్న గేమ్ ఒకటి ఇప్పియ్యి బిడ్డా, ఊకె కాల్చుకునేది కాదు" అన్నాడు.

నేను ఉండేది నల్లగొండలో. ఆ సాయంత్రమే కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో వెతికాను. పాత కాలపు యుద్ధం నేపథ్యంగా ఒక గేమ్ దొరికింది. భాషల జాబితాలో హిందీ కూడా ఉంది. ఇంకేం కావాలి అనుకుని చిన్నాయన అకౌంట్‌కు గిఫ్ట్‌గా పంపాను. మర్నాడు పొద్దున ఫోన్. "వాళ్లు ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు బిడ్డా. కింద హిందీల ఏందో రాస్తున్నరు. నాకు హిందీ వినొస్తది, మాట్లాడొస్తది. సదవరాదు కదా."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముంబైలో బస్సు బోర్డు మీద దాదర్, కుర్లా గుర్తుపట్టేంత వరకు దేవనాగరి నేర్చుకున్నాడు, అంతకుమించి అవసరం పడలేదు. స్టోర్ పేజీలో కూడా తప్పేం లేదు. అక్కడ హిందీకి ఎదురుగా ఏమేం ఉన్నాయో, ఏది లేదో స్పష్టంగానే ఉంది. నేను భాష పేరు చూశాను కానీ, ఆ పేరుకు ఎదురుగా టిక్ ఏ కాలమ్‌లో పడిందో చూడలేదు. మన కోసం మనం కొనుక్కుంటే ఈ పొరపాటు పెద్దగా బాధించదు. ఇంగ్లీషులోనే ఆడేసుకుంటాం. ఇంట్లో పెద్దవాళ్లకో చిన్నపిల్లలకో కొన్నప్పుడు మాత్రం, ఆ ఒక్క టిక్ లేకపోతే గేమ్ మొత్తం పనికిరాకుండా పోతుంది.

మూడు కాలమ్‌లు, మూడు వేరు వేరు పనులు

స్టీమ్‌లో ఏ గేమ్ పేజీ తెరిచినా, కంప్యూటర్‌లో అయితే కుడివైపు కొంచెం కిందికి దిగితే Languages అనే చిన్న పట్టిక ఉంటుంది. నేను కొన్న గేమ్‌కు అది సుమారుగా ఇలా ఉంది:

```
            Interface   Full Audio   Subtitles
English         ✔           ✔            ✔
French          ✔           ✔            ✔
Hindi           ✔                        ✔
```

Interface అంటే తెర మీద కనిపించే మెనూలు, బటన్ల పేర్లు, "ఇక్కడ నొక్కు", "ఈ తలుపు తెరువు" లాంటి సూచనలు, మ్యాప్ మీద ఊళ్ల పేర్లు, సంచిలో ఉన్న వస్తువుల పేర్లు. Full Audio అంటే పాత్రలు నోటితో మాట్లాడే మాట. Subtitles అంటే ఆ మాటలు కింద అక్షరాల్లో కనిపించడం. హిందీ వరసలో మధ్య గడి ఖాళీగా ఉంది కదా, చిన్నాయనకు కావాల్సింది సరిగ్గా ఆ గడే.

జాబితా పొడుగ్గా ఉంటే పట్టికలో మొదటి కొన్ని భాషలే కనిపిస్తాయి. మిగతావి చూడాలంటే కింద ఉన్న See all లింకు నొక్కాలి. మనకు కావాల్సిన హిందీ చాలాసార్లు ఆ మడతలోనే ఉంటుంది. పైన కనిపించకపోతే లేదని వదిలేయొద్దు.

పేజీ వివరణ ఏ భాషలో ఉందన్నది దీనికి సంబంధం లేని విషయం. గేమ్ గురించి రాసిన పేరాలు ఇంగ్లీషులో చక్కగా ఉండి, గేమ్ లోపల మాటలు మొత్తం జపనీస్‌లోనే ఉండొచ్చు. ట్రైలర్ కూడా అంతే. ట్రైలర్‌కు ఒక భాషలో గొంతు పెట్టి, గేమ్‌లో ఆ భాష ఇవ్వనివి ఉంటాయి. కాబట్టి ట్రైలర్ విని నిర్ణయం తీసుకోవద్దు, పట్టిక చూసి తీసుకోవాలి.

ఈ పట్టికను నింపేది గేమ్ తయారుచేసినవాళ్లే. అందుకే ఒకరు నింపినట్టు ఇంకొకరు నింపరు. గొంతులు అసలే లేని, కథంతా అక్షరాల్లోనే నడిచే గేములు చాలా ఉన్నాయి. వాటిలో కొందరు Interface ఒక్కటే టిక్ పెడతారు, ఇంకొందరు Subtitles కూడా పెడతారు. రెండూ తప్పు కాదు. ఇలాంటి గేమ్‌లో Full Audio కాలమ్ మొత్తం ఖాళీగా ఉంటుంది. అది కనిపించిందంటే ఆ గేమ్‌లో పాత్రలు మాట్లాడవని, అన్నీ చదువుకోవాల్సిందేనని అర్థం చేసుకోవచ్చు. చదవడం కష్టమైనవాళ్లకు ఆ గేమ్ ఏ భాషలో ఉన్నా ఇవ్వకూడదు.

Full Audio అనే పేరులో ఉన్న 'ఫుల్' మాటను కూడా అచ్చంగా పట్టుకోవద్దు. పెద్ద సన్నివేశాల్లో పాత్రలు మాట్లాడి, దారిలో ఎదురయ్యే మామూలు మనుషుల దగ్గర మాత్రం అక్షరాల డబ్బా ఒక్కటే కనిపించే గేములు ఉన్నాయి. ఊళ్లో దొరికిన ఉత్తరాలు, డైరీలు, పుస్తకాలు చాలా గేముల్లో ఎవరూ చదివి వినిపించరు. అవి ఎక్కువగా అక్షరాలే. కథలో వాటి పాలు ఎంత ఉందో తెలియాలంటే ఎవరైనా ఆడుతూ పెట్టిన వీడియో ఓ ఇరవై నిమిషాలు చూడాలి.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. గేమ్ పేరు కొట్టి పక్కన 'హిందీ గేమ్‌ప్లే' అని వెతికితే బోలెడు వీడియోలు వస్తాయి. వాటిలో చాలా వరకు ఆడుతున్న కుర్రాడు హిందీలో మాట్లాడుతుంటాడు, గేమ్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. 'తెలుగు గేమ్‌ప్లే' అన్నవీ ఇలాగే ఉంటాయి. వీడియో పేరు చూసి ఆగిపోకుండా, ఆడేవాడు మాట ఆపినప్పుడు పాత్ర నోట్లోంచి వచ్చే భాష ఏదో వినాలి. కొన్ని గేములకు అభిమానులే హిందీలో డబ్బింగ్ చేసి పెట్టినవి కూడా కనిపిస్తాయి. అవి స్టోర్‌లో కొన్న గేమ్‌తో రావు. వేరేగా దించుకుని ఫైళ్లు మార్చుకోవాలి. గేమ్‌కు కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు చెడిపోవచ్చు కూడా. కోస్గిలో ఉన్న మనిషికి నల్లగొండ నుంచి ఫోన్‌లో చెప్పి చేయించే పని కాదు అది.

ముందు మనిషిని అడగాలి, ఆ తర్వాతే పేజీని

రెండోసారి కొనేముందు నేనే స్వయంగా ఊరికి వెళ్లాను. "నీకు ఏ భాష వస్తది చిన్నాయనా" అని అడిగితే "హిందీ, తెలుగు, కొంచెం మరాఠీ" అంటాడు. ఆ జవాబుతో మనకు పని జరగదు. చెవికి ఏ భాష అందుతుంది, కంటికి ఏ భాష అందుతుంది అనేవి రెండు వేరు ప్రశ్నలు. పట్టికలోని కాలమ్‌లు కూడా ఆ రెండు ప్రశ్నలనే వేరు చేసి చూపిస్తాయి.

అందుకే ఫోన్‌లో ఒక హిందీ సీరియల్ ముక్క పెట్టి, తెర కనిపించకుండా తిప్పి నిమిషం సేపు వినిపించాను. ఎవరు ఎవరితో గొడవపడుతున్నారో మొత్తం చెప్పేశాడు. తర్వాత సౌండ్ తీసేసి, కింద హిందీ అక్షరాలు వచ్చే వీడియో చూపించాను. మొదటి మాట కూడబలుక్కునే లోపే వాక్యం మారిపోయింది. రెండో వాక్యానికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మూడోదానికి ఫోన్ నా చేతికిచ్చి, "ఇవి ఉరుకుతయ్ బిడ్డా, నిలువయ్" అన్నాడు. తెలుగు అక్షరాలు పెడితే మెల్లగా అయినా చదివాడు, అదీ మనిషి కదలకుండా కూర్చుని చదివితే. గేమ్‌లో అలా కూర్చునే వీలుండదు. గుర్రం తోలుతూనో కత్తి తిప్పుతూనో ఉండగా, తెర అడుగున ఒక వాక్యం రెండు మూడు సెకన్లు నిలిచి పోతుంది. చేతికి పని ఉన్నప్పుడు చదివే వేగం సగానికి పడిపోతుంది అనుకుని లెక్క వేసుకోవడం మంచిది.

తర్వాత మనవడిని పరీక్షించాను. వాడిది సర్కారు బడి. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఎనిమిది వరకు ఇంగ్లీషు మీడియం పెట్టారు. వాడు ఇంగ్లీషు మెనూలు టకటకా చదువుతాడు. పరిగెత్తే ఇంగ్లీషు మాట మాత్రం అందదు, ముఖ్యంగా అమెరికన్ యాసలో అయితే. అంటే తాతకు హిందీ వినబడాలి, మనవడికి ఇంగ్లీషు కనబడాలి. ఇద్దరూ కూర్చునేది ఒకే లాప్‌టాప్ ముందు. మెనూ తిప్పేది, "ఇప్పుడు ఇటు పోవాలె తాతా" అని చెప్పేది మనవడు. కథ పట్టుకునేది తాత.

ఇప్పుడు పట్టికలో ఏం వెతకాలో తేలిపోయింది. హిందీ వరసలో Full Audio టిక్, ఇంగ్లీషు వరసలో Interface టిక్, Subtitles టిక్. హిందీ Subtitles టిక్ ఉన్నా లేకపోయినా మాకు ఒకటే.

అదే మా మేనత్త విషయమైతే లెక్క తిరగబడుతుంది. ఆమె దేవరకొండలో టీచర్‌గా చేసి రిటైరైంది. ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడూ చదువుతుంది కానీ ఒక చెవి సరిగ్గా వినబడదు. ఆమెకు Full Audio కాలమ్‌తో పనే లేదు. ఆమెకు చూడాల్సింది Subtitles టిక్, దాంతోపాటు ఇంకొకటి. సబ్‌టైటిల్స్ అంటే ఎక్కువగా మాటలు మాత్రమే రాస్తారు. వెనక నుంచి అడుగుల చప్పుడు వస్తోందనో, తలుపు కొడుతున్నారనో రాయడం వేరే సంగతి, దాన్ని క్యాప్షన్లు అంటారు. స్టీమ్ పేజీలో గేమ్ లక్షణాల జాబితాలో Captions available అని ఉంటే ఆ రకం ఉందని చెబుతున్నట్టు. 2025 నుంచి స్టీమ్ పేజీల్లో వినికిడి, చూపు, చేతి ఇబ్బందులు ఉన్నవాళ్ల కోసం వేరే జాబితా ఒకటి కనిపిస్తోంది. అందులో Subtitle Options, Adjustable Text Size లాంటివి ఉంటాయి. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. ఆ జాబితా నింపడం తయారీదారుల ఇష్టం కాబట్టి, అక్కడ ఏమీ రాయకపోతే లేదని తేల్చేయొద్దు. సెట్టింగ్స్ తెర వీడియోలో చూసి నిర్ధారించుకోవాలి.

గొంతు ఒక భాషలో, అక్షరం ఇంకో భాషలో పెట్టుకోవచ్చా

పట్టిక చెప్పని పెద్ద విషయం ఇదే. హిందీ గొంతు ఉంది, ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి అని పట్టిక చెబుతుంది. ఆ రెండింటినీ ఒకేసారి పెట్టుకోవచ్చో లేదో చెప్పదు. కొన్ని గేముల్లో భాష ఒకటే మీట. హిందీ అంటే గొంతు, మెనూ, సబ్‌టైటిల్ అన్నీ కలిపి హిందీకి మారిపోతాయి. మా ఇంట్లో అలాంటి గేమ్ పెడితే తాతకు కథ అందుతుంది, మనవడు మాత్రం దేవనాగరి మెనూల ముందు ఇరుక్కుపోతాడు. వాడికి బడిలో హిందీ ఉంది కానీ, మ్యాప్‌లో పాత యుద్ధాల మాటలు చదివేంత లేదు.

దీన్ని కొనకముందే తెలుసుకునే దారి ఒకటుంది. ఆ గేమ్ సెట్టింగ్స్ తెర చూపించే వీడియో కానీ ఫొటో కానీ పట్టుకోవాలి. అక్కడ Language అని ఒకే వరస ఉంటే అన్నీ కలిసే మారతాయని అనుమానించాలి. Text Language అని ఒకటి, Voice Language అని ఇంకొకటి వేరుగా ఉంటే విడివిడిగా పెట్టుకోవచ్చు. ఒక్కోచోట రెండోదాన్ని Audio Language అనో Spoken Language అనో రాస్తారు. ఏ పేరైనా పర్లేదు, వరసలు రెండు ఉన్నాయా అన్నదే చూడాలి. నేను రెండో గేమ్ ఎంచుకునేటప్పుడు దీనికే ఎక్కువ సమయం పట్టింది. హిందీ Full Audio ఉన్న గేములే కొన్ని, వాటిలో ఒకటి ఈ పరీక్షలో పోయింది.

కొన్ని గేములకు లోపల భాష మార్చే చోటే ఉండదు. స్టీమ్ లైబ్రరీలో గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి Properties తెరిస్తే Language అనే ఎంపిక ఉంటుంది, మార్చాల్సింది అక్కడే. అక్కడ మారిస్తే సాధారణంగా అన్నీ కలిసే మారతాయి, పైగా కొత్త భాష ఫైళ్లు మళ్లీ దిగడం మొదలవుతుంది. గొంతుల ఫైళ్లు చిన్నవి కావు. గంటల కొద్దీ మాటలున్న గేమ్‌లో ఒక్క భాష గొంతులే కొన్ని జీబీలు ఉంటాయి. కొందరు తయారీదారులు వాటిని ఉచితంగానే వేరే ప్యాకెట్‌గా పెడతారు, గేమ్ పేజీలో కిందికి వెళితే కనిపిస్తుంది. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ఇంటికి కొంటున్నప్పుడు ఇది ముందే చూసుకోవాలి. రోజుకు ఇంత డేటా అని ఉండే ప్లాన్ మీద పెద్ద గేమ్ దింపడానికే రోజులు పడతాయి. అంతా దిగాక గొంతుల కోసం మళ్లీ మొదలంటే మనవడు ఏడుస్తాడు. నేనైతే లాప్‌టాప్ తెప్పించుకుని, నల్లగొండలో నా ఇంటి వైఫై మీద హిందీ గొంతులతో సహా దింపి పంపాను.

తెలుగు సంగతి

ఇదంతా హిందీ చుట్టూ ఎందుకు తిరుగుతోంది, తెలుగులోనే కొనొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. నేనూ మొదట అదే వెతికాను. కథ ఉన్న పెద్ద గేములకు తెలుగు గొంతు దొరకడం చాలా అరుదు. గంటల కొద్దీ మాటలకు నటులు, స్టూడియో, పెదవుల కదలికకు సరిపోయే రాత, వీటన్నిటికీ డబ్బు పెట్టాలి. తెలుగు సినిమాకు ఉన్నంత కొనేవాళ్లు కంప్యూటర్ గేములకు ఉంటారని తయారీదారులు ఇంకా నమ్మడం లేదు.

అక్షరాల్లో తెలుగు ఉన్న గేములు మాత్రం చిన్న తయారీదారుల దగ్గర అక్కడక్కడా కనిపిస్తాయి. అక్కడ టిక్ ఉన్నా ఇంకో పరీక్ష పెట్టాలి. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే మాట అయిపోతుంది. తెలుగు అలా కాదు. 'లక్ష్మి' అని రాయాలంటే క కింద ష, దాని కింద మ ఒత్తు చేరాలి, గుడి ఆ మొత్తం మీదికి ఎక్కాలి. ఈ పేర్చే పనిని కంప్యూటర్‌లో వేరే ప్రోగ్రామ్ చేస్తుంది. ఫోన్లలో, బ్రౌజర్లలో అది ముందే ఉంటుంది కాబట్టి మనకు తేడా తెలియదు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు చూపించే భాగానికి చాలాచోట్ల ఆ తెలివి ఉండదు, ప్రత్యేకంగా చేర్చాలి. చేర్చకపోతే 'లక్ష్మి' కాస్తా ల, క, ఒక పొల్లు, ష, ఇంకో పొల్లు, మ, పక్కన ఎక్కడో గుడి అన్నట్టు విడిపోతుంది. ఒత్తులన్నీ పెద్ద అక్షరాలై వరసలో నిలబడతాయి. చదవడం అలవాటున్నవాళ్లే తడబడతారు, పెద్దవాళ్ల మాట చెప్పక్కర్లేదు.

దీన్ని పట్టుకోవడం సులువే. స్టోర్ పేజీలో తెలుగు తెర ఫొటో ఒక్కటైనా ఉందేమో చూడాలి. దాన్ని పెద్దది చేసి, ఒత్తు ఉన్న మాట ఒకటి వెతకాలి. 'ప్రారంభించు', 'నిష్క్రమించు', 'శత్రువు' లాంటివి మెనూల్లో ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఒత్తు కింద సరిగ్గా కూర్చుందంటే మిగతా గేమ్ కూడా దాదాపు సరిగ్గానే ఉంటుంది. ఫొటోలన్నీ ఇంగ్లీషులోనే ఉంటే వీడియో దొరికే వరకు నేను కొనను.

గిఫ్ట్ ఇచ్చాక తప్పు తెలిస్తే

మొదటి గేమ్ డబ్బులు నాకు తిరిగొచ్చాయి. ఎలా వచ్చాయో చెబుతాను, ఎందుకంటే గిఫ్ట్ విషయంలో పద్ధతి కొంచెం వేరు. స్టీమ్‌లో కొన్న రోజు నుంచి 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. గిఫ్ట్ తీసుకున్నవాళ్లు దాన్ని తెరిచేశాక, అడగాల్సింది కొన్న మనం కాదు, తీసుకున్నవాళ్లు. డబ్బు మాత్రం కొన్నవాళ్లకే తిరిగి వస్తుంది. మనవడు చిన్నాయన అకౌంట్‌తో help.steampowered.com తెరిచి, కొన్నవాటిలో ఆ గేమ్ ఎంచుకుని రీఫండ్ అడిగాడు. అప్పటికి వాళ్లు ఆడింది 40 నిమిషాలే.

ఆ 40 నిమిషాలు మా అదృష్టం. చిన్నాయన మొహమాటానికి పోయి, బిడ్డ పంపింది కదా అని వారం రోజులు ఊరికే బొమ్మలు చూస్తూ కూర్చుని ఉంటే 2 గంటలు ఇట్టే దాటిపోయేవి. మన పెద్దవాళ్లు అలాగే చేస్తారు. అందుకే గిఫ్ట్ అందిన రోజే ఫోన్‌లో పక్కనుండి మూడు పనులు చేయించాలి. సెట్టింగ్స్ తెరిచి గొంతు భాష మార్చి చూడడం, అక్షరాల భాష వేరుగా నిలబడిందో లేదో చూడడం, మొదటి సన్నివేశంలో పాత్ర నోరు తెరిచే దాకా ఆడడం. ఇదంతా అరగంటలో అయిపోతుంది. పండక్కి ఇవ్వాలని నెల ముందే కొని పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు, 14 రోజులు తెరవకుండానే గడిచిపోతాయి.

ప్లేస్టేషన్‌కు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, గేమ్‌లోనే లోపం ఉంటే తప్ప రీఫండ్ రాదు. ఆడి చూసి తిరిగిచ్చే వీలు లేదు కాబట్టి అంతా ముందే తేల్చుకోవాలి. స్టోర్ పేజీలో పట్టిక బదులు రెండు వరసలు ఉంటాయి. Voice అని ఉన్నది గొంతులు, Screen Languages అని ఉన్నది తెర మీది అక్షరాలు. సబ్‌టైటిల్స్‌కు వేరే వరస లేదు, మెనూతో కలిపి రెండో దాంట్లోనే లెక్కిస్తారు. ఒకే గేమ్ రెండు యంత్రాలకూ వస్తే PS4 కి ఒక వరస, PS5 కి ఒక వరస విడిగా రాస్తారు. రెండింటిలో భాషలు ఒకేలా ఉంటాయని అనుకోకుండా, మీ వాళ్లింట్లో ఉన్న యంత్రం వరసే చదవాలి.

రెండో గేమ్ ఎంచుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. హిందీ వరసలో మూడు టిక్‌లూ ఉన్నాయి, సెట్టింగ్స్‌లో గొంతుకు, అక్షరానికి వేరు వేరు వరసలు ఉన్నాయి, దారిలో దొరికే ఉత్తరాలు తక్కువ. పంపిన రోజు ఫోన్‌లోనే అన్నీ పెట్టించాను. గొంతు హిందీ, మెనూ ఇంగ్లీషు, సబ్‌టైటిల్స్ ఇంగ్లీషు. సబ్‌టైటిల్స్ తీసేద్దామా అంటే మనవడు ఒప్పుకోలేదు. హిందీ అర్థం కాని చోట కింద చూసుకుంటానన్నాడు.

గంట తర్వాత మళ్లీ ఫోన్ వచ్చింది. హిందీ బాగానే ఉందట, కానీ యుద్ధం మొదలైతే డప్పుల చప్పుడులో మాట కలిసిపోతోందట. "మనిషి ఏదో చెప్తడు, ఆ చప్పుడుల కొట్టుకపోతది" అన్నాడు చిన్నాయన. ఆ సంగతి నేను పేజీలో చూడనే లేదు. స్టీమ్‌లోని ఆ కొత్త జాబితాలో Custom Volume Controls అని ఒకటి ఉంటుంది. సంగీతం, చప్పుళ్లు, మాటలు విడివిడిగా తగ్గించి పెంచుకోవచ్చని దాని అర్థం. ఈ గేమ్‌లో అది ఉంది. మనవడితో సెట్టింగ్స్ తెరిపించి Music 30కి, Effects 50కి దించి, Voice 100లోనే ఉంచమన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మంచం మీదే వదిలేశారు. కాసేపటికి అవతల సేనాపతి హిందీలో ఏదో ఆజ్ఞ ఇవ్వడం నాకూ వినిపించింది. దానికి చిన్నాయన ముంబై హిందీలో జవాబు చెబుతున్నాడు.